నా శిష్యుడికి నేను రాసిచ్చిన ఉత్తరం

నన్నెరిగినవాళ్లు నమ్మరు గానీ, అన్నం ముందు కూర్చుని చెబుతున్నాను: ఇందులో ప్రతి మాటా నిజం.

నరసరావుపేటలో భవనాల ప్లాన్లు గీసి బతికే ఇంజనీర్ని నేను. నా దగ్గర ఆరేళ్లు పనిచేసిన కుర్రాడు చార్టర్డ్ ఇంజనీర్ హోదాకి దరఖాస్తు పెట్టాడు. అదొస్తే సొంతంగా ఆఫీసు తెరుచుకోవచ్చు. దానికి, ఆ హోదా ఇచ్చే ఇంజనీర్ల సంస్థలో, తన పనిని స్వయంగా చూసిన సీనియర్ సభ్యుడి ఉత్తరం కావాలి. ఆ సీనియర్ని నేనే.

"సార్, ఉన్నదున్నట్టు రాయండి చాలు," అన్నాడు.

"ఒరేయ్, ఉన్నదున్నట్టు రాస్తే నిన్నెవడు చూస్తాడు? నేను రాస్తే వాళ్లు లేచి నిలబడాల!"

నిజానికి వాడి గురించి రాయదగ్గది ఒకటుంది. నకరికల్లు దగ్గర ఒక గోడౌన్‌కి పునాది నాలుగడుగులు చాలని నేను గీశాను. వీడు గొయ్యి తవ్వించి చూస్తే కింద ఇంకా రేగడే. వానొస్తే ఉబ్బి, ఎండకి నెర్రెలిచ్చే మట్టి. వీడు పని ఆపించి, ఏడడుగుల దాకా, గట్టి గ్రావెల్ తగిలేదాకా దించాడు. ఆపకపోతే గోడలు పగిలేవి. అది రాస్తే నా తప్పు బయటపడుతుంది. అందుకని, మాచర్ల వైపు వాగు మీద వంతెన మొత్తం వీడొక్కడే డిజైన్ చేశాడని రాశాను. ఆ వంతెన దగ్గర వీడు చేసిందల్లా కొలతలు పట్టడమే. కవరు అంటించి ఇచ్చాను. వాడు విప్పకుండానే పంపాడు.

ఇంటర్వ్యూలో ముగ్గురు పెద్దలు వంతెన గురించే అడిగారట. "అది నేను చేయలేదండీ," అన్నాడట వీడు. సరిచేసిన ఉత్తరం తెచ్చేదాకా దరఖాస్తు పక్కన పెట్టారు.

తిరిగొచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. నేను తిడతాడనుకున్నాను.

"వాళ్లు నన్ను అబద్ధాలకోరు కింద చూశారు సార్. చానా సిగ్గేసింది. నకరికల్లు సంగతి రాస్తే సరిపోయేదిగా?"

"రాస్తే నా పరువేం గాను?"

"మరి నా పరువో?"

అప్పటికప్పుడు కాగితం తీసుకుని, పునాది లోతు నేను తప్పు గీశానని, వీడే పట్టుకున్నాడని ఒక్క ఊపున రాసి సంతకం పెట్టాను. రెండోసారి పిలిచినప్పుడు అడిగిందంతా ఆ పునాది గురించేనట. గంటసేపు చెప్పాడట. హోదా వచ్చింది.

ఇందులో నేను కల్పించిందొకటుంది. ఒక్క ఊపున రాయలేదు. ముందు, ఆ తప్పు ఇద్దరం కలిసి కనిపెట్టామని రాసిచ్చాను. వాడు చదివి, కాగితం మళ్లీ నా ముందే పెట్టి, కుర్చీలాక్కుని కూర్చున్నాడు. నేను ఇంకో కాగితం తీసేదాకా లేవలేదు.