ఎనిమిదో పెట్టె ఎత్తు

మా మామగారు ముప్పై ఏళ్లు పామర్రులో లెక్కల మాస్టారు. రిటైరై కొండపల్లిలో మా బొమ్మల వ్యాపారం చూస్తున్నా చేతిలో ఎర్ర పెన్ను వదల్లేదు. కూరల చీటీకి కూడా టిక్కు పెడతారు మహానుభావుడు.

దసరాకు ముందు పార్సెల్ కంపెనీ నెల బిల్లు వచ్చింది. ముప్పై పెట్టెలకు పదమూడు వేల రెండొందలు. మా బొమ్మలు తేలిక, పెట్టెలు పెద్దవి. అందుకని కొలతలు తీసి, వాటినిబట్టి బరువు కడతారు. పెట్టెకు మూడొందల అరవై పడాలి. పది పెట్టెలకు ఎత్తు ముప్పై సెంటీమీటర్లు కాదు, యాభై అని వేసి ఆరొందల చొప్పున లాగారు. పదో తేదీలోగా కట్టకపోతే ఇక పెట్టెలు ఎత్తరట. కొలువు బొమ్మల ఆర్డర్లన్నీ గదిలో పేర్చి ఉన్నాయి. పండక్కి చేరకపోతే ఏడాది కష్టం గంగలో కలిసినట్టే.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నాలుగు పేజీల ఉత్తరం రాశాను. మామగారు చదివి మూడున్నర పేజీలు కొట్టేశారు.

“‘పట్టపగలు దోపిడీ’కి రుజువేదమ్మాయ్? ఏ బిల్లు, ఏ పెట్టె, మన కొలతెంత, వాళ్లు వేసిందెంత... అంతే రాయి.”

ప్యాకింగ్ రోజున టేపు పెట్టి తీసిన ఫోటోలు నా ఫోన్లో ఉన్నాయి. ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చి ఎనిమిదో పెట్టె దగ్గర ఆగిపోయాను. దశావతారాల సెట్టు. ఎత్తు నిజంగానే యాభై సెంటీమీటర్లు! దాన్ని కట్టింది నేనే.

“దీన్నీ మిగతావాటితో కలిపేద్దాం మామయ్యగారూ, వాళ్లకేం తెలుస్తుంది?”

ఆయన కళ్లద్దాల పైనుంచి చూశారు. “మనకు తెలుసుగా.”

సిగ్గేసింది. తొమ్మిది పెట్టెలకే తగువు పెట్టాం, రెండు వేల నూట అరవైకి. ఎనిమిదో పెట్టె బిల్లు సరిగ్గానే ఉందని రాశాం. తగువులేని పదకొండు వేల నలభై ముందే కట్టేయమన్నారు మామగారు.

“కట్టేసి కొట్లాడటమేంటండీ?”

“బాకీ ఎగ్గొట్టే రకం అనుకోకుండా. రసీదు కూడా జత చెయ్.”

చివర మేం కోరింది రాశాం: తొమ్మిది పెట్టెల తేడా బిల్లులోంచి తీసేసినట్టు క్రెడిట్ నోట్ ఇవ్వాలి, అనుమానముంటే ఈసారి ఎత్తే అదే సైజు పెట్టెల్ని ఇద్దరి ముందూ కొలవాలి, తేలేదాకా పెట్టెలు ఆపకూడదు.

మూడో రోజు విజయవాడ ఆఫీసు నుంచి ఫోను. “క్రెడిట్ నోట్ పంపుతున్నామండీ. రేపు బండి వస్తుంది. మీ ఎనిమిదో పెట్టె మీరే ఒప్పుకున్నారుగా, మిగతావాటి కోసం మళ్లీ కొలిచే పనేముందండీ.”

మర్నాడు బండి వచ్చి పెట్టెలన్నీ ఎత్తుకెళ్లింది. ఖాళీ గదిలో నిలబడితే ఏడుపొచ్చినంత పనైంది. మామగారు మాత్రం తీరిగ్గా మా ఉత్తరం నకలు తీసి, ఎర్ర పెన్నుతో పైన పదికి తొమ్మిది వేశారు.

ఆ ఒక్క మార్కూ ఎందుకు పోయిందో నేను అడగలేదు.