సూర్యకాంతం గారి అయిదో పుస్తకం

నూజివీడులో మామిడిపళ్ళ అట్టపెట్టెల మీద బొమ్మలు గీసుకుని బతికేవాణ్ణి. రసం మామిడిపండు బొమ్మ వెయ్యమంటే కళ్ళు మూసుకుని వేస్తాను. పిల్లల బొమ్మలు వెయ్యమని సూర్యకాంతం గారు నా కొట్టుకొచ్చిన రోజున, ఈ పనితో తల ప్రాణం తోకకొస్తుందని నాకేం తెలుసు?

ఆవిడ రిటైరైన టీచరు. చుట్టుపక్కల ఊళ్ళలో ముప్ఫై మూడేళ్ళు చిన్న తరగతులకి పాఠాలు చెప్పారు. విజయవాడలో పిల్లల పుస్తకాలు వేసి బడులకి పంచే సంస్థ ఒకటి ఆవిణ్ణి ఆరు బొమ్మల పుస్తకాలకి ఆలోచనలు అడిగింది. ఆరేడేళ్ళ పిల్లలకి డబ్బు విషయంలో చిన్నచిన్న అలవాట్లు నేర్పాలి. ఒక్కో పుస్తకం పదహారు పేజీలు, పేజీకి ఒకటో రెండో వాక్యాలు, ఒక పుస్తకంలో ఒక్కటే అలవాటు. పెద్దవాళ్ళు వేలు చూపించి నీతులు చెప్పకూడదు. ఏం చెయ్యాలో పిల్లే తేల్చుకోవాలి. అన్నిటిలోనూ అదే పిల్ల ఉండాలి.

కథలు మాత్రం ముచ్చటగా రాశారు. మొదటిదాంట్లో పిల్ల తోట యజమానిని అడిగి, గాలివానకి రాలిన కాయలు ఏరి, పచ్చడికి అమ్ముతుంది. రెండోదాంట్లో ఆ డబ్బు పట్టుకుని సంతకెళ్ళి, తెగిపోయిన చెప్పుల బదులు కొత్తవా, మెరిసే గాజులా అని పది పేజీలు తన్నుకులాడుతుంది. మూడోదాంట్లో ఖర్చుకొకటి, దాచుకోడానికొకటి, ఇంకొకరికి ఇవ్వడానికొకటి అని మూడు సీసాలు పెట్టుకుంటుంది.

"గాజు సీసాలే వెయ్యి శంకర్. డబ్బాలొద్దు. లోపల ఎంతుందో పిల్లకి కనపడాలి" అన్నారు. సరే అన్నాను.

చిక్కల్లా ఆ పిల్ల మొహం దగ్గరే. ముందు రెండు జడలు వేశాను. ఆవిడ కాసేపు చూసి, అరచేత్తో ఆ మొహం కప్పేసి, "ఈ పిల్ల కాదయ్యా" అన్నారు. జుట్టు కత్తిరించి వేశాను. పన్ను ఊడినట్టు వేశాను. నల్లగా వేశాను, చామనఛాయగా వేశాను. ప్రతిసారీ అదే అరచెయ్యి. ఆరోసారి నాకు ఒళ్ళు మండింది.

"ఏ పిల్ల కావాలో చెప్పరు, ఏ పిల్ల వద్దో చెప్పరు. నేనేమన్నా జ్యోతిష్యుణ్ణా టీచరు గారూ?" అని బ్రష్షు విసిరేశాను.

ఆవిడ కుర్చీలో కూలబడ్డారు. "నువ్వెలా వేసినా సుసన్నాలాగే ఉంటోంది. నేనేం చెయ్యను?" అన్నారు.

అప్పుడు చెప్పారు. పదమూడేళ్ళ కిందట బాపులపాడు వైపు ఒక బళ్ళో ఆవిడ రెండో తరగతి పిల్లల చేత పొదుపు చేయించేవారు. ప్రతి శనివారం రూపాయో, రెండో. పోస్టాఫీసులో వేద్దామనుకుని, వడ్డీ ఎక్కువొస్తుందని చెప్పిన ఒక ఏజెంటుకి కట్టేవారు. పిల్లలకి చీటీ లేదు, పుస్తకం లేదు. లారీలకి కాయలెత్తే ఆయన కూతురు సుసన్నా ఒక శనివారం లేచి నిలబడి, "నా డబ్బులెక్కడున్నాయి టీచర్?" అని అడిగింది.

"నామీద నమ్మకం లేదా నీకు, అన్నాను శంకర్. అందరి ముందూ నిలబెట్టాను. గంట కొట్టేదాకా."

నాలుగు నెలల తర్వాత ఆ ఏజెంటు కంపెనీ బోర్డు పీకేసి పోయాడు. సూర్యకాంతం గారు జీతంలోంచి నలభైమంది పిల్లలకీ పైసలతో సహా ఇచ్చేశారు. నలభై ఒకటో పిల్ల సుసన్నా అప్పటికి ఊళ్ళో లేదు. వాళ్ళు కూలికి ఎటో వెళ్ళిపోయారు. హనుమాన్ జంక్షన్లో, గుడివాడలో, చర్చిల దగ్గర, లారీ ఆఫీసుల్లో వెతికారట. దొరకలేదు.

"ఇప్పుడు దానికి ఇరవయ్యేళ్ళు. బస్సులో ఆ వయసు పిల్ల వెనక సీట్లో కూచుంటే నా వీపు మండుతుంది. ఇప్పుడే అడుగుతుందనిపిస్తుంది. స్టేజీ రాకుండానే దిగిపోతాను" అన్నారు. బల్ల మీదున్న ఆరు మొహాలూ మమ్మల్నే చూస్తున్నాయి.

అయిదో పుస్తకం దాని గురించే. నీ డబ్బు ఎవరి దగ్గరున్నా, ఎక్కడుందో అడిగి, రాయించుకుని, చూసుకోవడం. ఆ కథలో పిల్ల అడుగుతుంది, టీచరు కోప్పడుతుంది, చివరికి బీరువా తెరిస్తే డబ్బు ఉండదు. మొహం తేలక పిల్లని వెనకనుంచే వేసిన నమూనా పుస్తకాలు చూడ్డానికి సంస్థ నుంచి వినీల అనే అమ్మాయి వచ్చింది. మొదటి నాలుగింటినీ మెచ్చుకుని, అయిదోది చదివి మొహం మాడ్చుకుంది.

"బడుల్లో పంచే పుస్తకం మేడమ్. టీచర్ని ఇలా చూపిస్తే ఎవరు తీసుకుంటారు? చివర్లో బీరువా తెరిస్తే డబ్బు ఉన్నట్టు రాయండి. లేదంటే అయిదోది వదిలేద్దాం."

"డబ్బు ఉందని రాయలేనమ్మా. వదిలేస్తే మొత్తం ఆరూ వదిలేయండి" అన్నారు సూర్యకాంతం గారు. నేను నోరు వెళ్ళబెట్టాను. నా ఆరు నెలల కష్టం, నా కూలీ కూడా అందులోనే ఉన్నాయి మరి.

చివరికి పిల్లలకే చదివి చూద్దామంది వినీల. అచ్చుకి ముందు అలా చదివించడం ఆ సంస్థలో మామూలే. రెడ్డిగూడెం బళ్ళో ముప్ఫైమంది పిల్లలు నేల మీద కూచున్నారు. సూర్యకాంతం గారు పేజీలు తిప్పుతూ చదివారు. బీరువా ఖాళీగా ఉన్న పేజీ వచ్చింది. డబ్బు పోయిందే అని బాధపడతారనుకున్నాను. ఎవరూ డబ్బు మాటెత్తలేదు.

ముందు వరసలో అన్విత అనే పిల్ల చెయ్యెత్తింది. "ఆ టీచర్ సారీ చెప్పిందా?"

సూర్యకాంతం గారు పుస్తకం మూసేశారు. నలభైమందికి డబ్బిచ్చినప్పుడు ఆవిడ అన్నది "కంపెనీ మోసం చేసింది" అనే. ఆ మాట ఆవిడే తర్వాత నాతో చెప్పారు. సుసన్నాని నిలబెట్టినందుకు, నమ్మకం లేదా అన్నందుకు, ఎవరికీ ఏమీ చెప్పలేదు. వెతికిన ఊళ్ళన్నిట్లోనూ సంచిలో డబ్బు పెట్టుకుని తిరిగారు తప్ప, ఏం చెప్పాలో ఆలోచించుకోలేదు.

"లేదమ్మా, చెప్పలేదు" అన్నారు.

"అయితే చెప్పమనండి" అంది అన్విత, ఇంత చిన్న సంగతి కూడా తెలీదా అన్నట్టు.

ఆవిడ బల్ల పట్టుకుని నిలబడ్డారు. కథలో టీచరు ఆవిడేనని ఆ పిల్లలకి తెలీదు. "తప్పు నాదే. నువ్వు అడగడం తప్పు కాదు. అందరి ముందూ నిలబెట్టాను. సారీ" అన్నారు. పిల్లలు రోజూ అనే అలవాటు కొద్దీ ఒక్క గొంతుతో "పర్లేదు టీచర్" అన్నారు. వినీల కళ్ళు తుడుచుకుని, ఈ మాటలు చివరి పేజీగా కలిపితే పుస్తకం ఇలాగే వేయిస్తానంది.

ఆవిడ సంతోషిస్తారనుకున్నాను. తిరుగు బస్సులో కిటికీ వైపే చూస్తూ కూచున్నారు.

మర్నాడు ఆ చివరి పేజీ గీశాను. టీచరు తలవంచుకుని నిలబడింది, క్లాసంతా నవ్వుతూ "పర్లేదు" అంటోంది. మొహం ఎలా ఉన్నా సరే అని ఈసారి కథలో పిల్లనీ మధ్యలో నవ్వుతూ వేశాను. సూర్యకాంతం గారు చాలాసేపు చూశారు. అరచెయ్యి అడ్డం పెట్టలేదు.

"బాగుంది శంకర్. ఆ పిల్ల నోరు మాత్రం మూసి వెయ్యి" అన్నారు. "పర్లేదని అది ఇంకా అనలేదు."