మే నెలలోనే పాలు పోస్తానన్న అంబిక

చిక్కడపల్లి లైబ్రరీ పక్క సందులో చాయ్ బండి నడిపే జైపాల్, ఒకనాడు విరిగిపోయిన పాలున్న గిన్నె తెచ్చి కమలవ్వ పాలబూత్ గట్టు మీద దబ్బున పెట్టాడు.

"మీ సంఘం పాలు పాడైనయి. నా పైసలు నాకియ్యి."

పాల సంఘానికి అమ్మకాలు చూసే అంబిక అప్పుడక్కడే ఉంది. గొంతు పెంచలేదు. అదే ట్రేలోని ఇంకో ప్యాకెట్ కోసి కమలవ్వ స్టవ్ మీద కాచింది. పాలు నిండుగా పొంగాయి.

"అల్లం ఎప్పుడేసినవ్ అన్నా?"

"పాలతోనే."

"పచ్చిపాలల్ల అల్లమేస్తె ఎవరి పాలైనా విరుగుతయి. పొంగినంక వెయ్యి."

జైపాల్ గిన్నె ఎత్తుకొని పోయాడు. కమలవ్వ నోటితోనే బతికిన మనిషి. నోరు లేపకుండా గెలిచినవాళ్లను చూడటం ఆమెకదే మొదలు.

ఆ చలికాలం ఊళ్లలో పాలు ఎక్కువయ్యాయి. పట్నంలో అమ్ముడుపోక సంఘం వారానికో రోజు పాలు తీసుకోవడం మానేసింది. క్యాన్లు వెనక్కి మోసుకుపోతున్న ఆడవాళ్లను చూసి వచ్చిన అంబిక, నారాయణగూడలోనూ అశోక్‌నగర్‌లోనూ దుకాణాలున్న ఒక సూపర్ మార్కెట్‌కు ఇంగ్లీషులో ఉత్తరం రాసి, కమలవ్వకు తెలుగులో చెప్పింది: పదిహేను రోజులు పోసి చూపిస్తాం, కారిన ప్యాకెట్లకు మర్నాడు కొత్తవి ఇస్తాం, నచ్చకపోతే అక్కడితో ఆపేయండి. అంతవరకు బాగానే ఉంది. ఆ పదిహేను రోజులూ మే నెలలోనట.

"నీకేమన్న తిక్క లేసిందా బిడ్డా? ఎండకాలం బర్రెలు ఇచ్చేదే తక్కువ. నా బూత్‌కే చాలవు."

"పెరుగు చేసుడు తగ్గించి పాలే పంపుతం అవ్వా. మాటిచ్చినంక తప్పుతమా?"

వారం తిరక్కుండా ఆ దుకాణాలకు సరుకు కొనే రమాకాంత్, ఉత్తరం పట్టుకొని బూత్ దగ్గరికే వచ్చాడు.

"పాలు మిగిలితె అందరొస్తరు మేడం. ఎండలు రాంగనే ఒక్కలు కనబడరు. మీరేంది ఉల్టా?"

"ఎండల పోసినోళ్లను చలికాలంల వద్దనరు గద సార్."

రమాకాంత్ నవ్వాడు. "నాకు నచ్చింది. కానీ మా షటర్ తొమ్మిదికి లేస్తది. మీ వ్యాన్ తెల్లారకముందే వస్తది. అప్పటిదాక పాలు ఏడ పెడ్తరు?"

అంబిక ముఖం చిన్నబోయింది. తెల్లవారకముందే తెరిచే బూత్‌లకే పాలు పంపి పంపి, ఆలస్యంగా తెరిచే దుకాణాలుంటాయన్న సంగతే ఆమెకు తట్టలేదు. కానీ అబద్ధం చెప్పలేదు. "గా సంగతి నేను ఆలోచించలే సార్," అని కమలవ్వ వైపు తిరిగింది. ఇంకొకరైతే ఆయనను పంపించేసి, చాటుగా కమలవ్వను బతిమాలేవారు. ఈమె ఆయన ముందే అడిగింది.

"అవ్వా, వాళ్ల ట్రేలు పొద్దుగాల నీ ఫ్రిజ్‌ల పెట్టుకుంటవా? కిరాయి సంఘం ఇస్తది. రేపు నీ గిరాకిల కొంత వాళ్ల దిక్కే పోతది, గది గూడ తెలిసే అడుగుతున్న."

కమలవ్వ ఫ్రిజ్ తలుపు తెరిచి, "మే నెలల ఈ కింది అర మీకే సార్," అని రమాకాంత్‌కు చూపించింది.