శాంపిల్ సీసా మీద నేను రాసిన పేరు

ఫ్యాక్షన్ రోజుల్లో ప్రొద్దుటూరులో మా ఆసుపత్రికి గాయపడి వచ్చినవాళ్లలో సగంమంది సొంత పేర్లతో రాలేదు. ఎదుటి పార్టీవాళ్లు ఆసుపత్రిలో కూడా వెతుక్కుంటూ వస్తారని, తెచ్చినవాళ్లు చీటీ రాయించే చోట ఏదో ఒక మారుపేరు చెప్పేవాళ్లు. ఆ సంగతి మాకందరికీ తెలుసు. అయినా తప్పు చేశాను.

జమ్మలమడుగు వైపు నుంచి కడుపులో బాంబు ముక్కలతో ఒకాయనను తెచ్చారు. రక్తం ఎక్కించాలి. శాంపిల్ తీసి సీసా చేత్తో పట్టుకుని, "పేరేందమ్మా?" అని పక్కనున్న తల్లిని అడిగాను. ఆమె కొడుకు అసలు పేరు చెప్పింది. కేస్ షీట్ చూడకుండా అదే రాసేశాను. రక్తం కోసం పంపిన రిక్వెస్ట్ ఫారం మీద మాత్రం చీటీలోని మారుపేరుంది. బ్లడ్ బ్యాంకువాళ్లు సీసా తిప్పి పంపారు. వాళ్లు చేసింది సరైన పనే.

"పేరు కలవడంల్యా సిస్టరమ్మా, రగతం ఇయ్యరంట" అన్నాడు సీసా తిరిగి తెచ్చిన అటెండరు, ఆ తల్లి ముందే. మళ్లీ శాంపిల్ తీసి, మ్యాచింగ్ చేయించి, రక్తం వచ్చేసరికి ఆయన పోయాడు.

వారం తర్వాత కేసు సమీక్ష. మినిట్స్ రాసే పని నాదే. "జమ్మలమడుగు ప్రాంతం, బాంబు గాయం" అని మొదలుపెడితే సూపరింటెండెంట్ గారు ఆ మాటలు కొట్టేశారు.

"ఈ జిల్లాలో ఊరు రాస్తే పేరు రాసినట్టే. ఒక రోగి, కడుపు గాయం అని రాయండి. నర్సు పేరు కూడా వద్దు. పని ఎక్కడ తప్పిందో చూద్దాం, మనిషిని కాదు."

అలాగే రాశాను. నేర్చుకున్నది: సీసా మీద పేరు, ఆసుపత్రి నంబరు రోగి మంచం దగ్గరే కేస్ షీట్ చూసి రాయాలి, బంధువుల మాట మీద ఆధారపడకూడదు. చర్య: తేడా కనిపిస్తే బ్లడ్ బ్యాంకు వెంటనే వార్డుకు ఫోన్ చేయాలి. బాధ్యత: హెడ్ నర్సు. నా పేరు లేనందుకు బతికిపోయాననుకున్నాను. సిగ్గులేని ఊరట అది.

మీటింగ్ ముగించి ఫైలు పట్టుకుని బయటికొస్తే ఆ తల్లి వరండాలో కూర్చుని ఉంది. మరణ ధ్రువపత్రంలో పేరు సరిచేయించుకోవడానికి వచ్చిందట.

"నేను ఆ పేరు చెప్పకుండా ఉంటే రగతం ఇచ్చుందురు గదమ్మా? నా నోటితోనే నా బిడ్డను సంపుకుంటినా?"

ఆమె తప్పేమీ లేదని చెప్పే వాక్యం నా చంకలోని ఫైల్లోనే ఉంది. రాసిందీ నేనే. తప్పు నాదని ఒక్క మాట అంటే చాలు. ఆమె వెనక వాళ్ల పార్టీ మగవాళ్లు పదిమంది నిలబడి ఉన్నారు. నాకు భయమేసింది.

"అట్లాంటిదేం లేదమ్మా" అని గొణిగి వెళ్లిపోయాను. ఆమె నమ్మలేదు.

మరుసటి నెల సమీక్షలో ఆ చర్యకు ఎదురుగా "పూర్తయింది" అని రాశాను. ఆ తల్లికి చెప్పాల్సిన మాట మాత్రం ఈరోజుకీ చెప్పలేదు.