మూతపడని కంపెనీ

పావగడ పాత బజారులో నాది చిన్న గది. జీఎస్టీ రిటర్నులు, ఆదాయపు పన్ను రిటర్నులు రాసిపెడతాను. ఆడిటరును కాను, ఆ పరీక్ష జోలికి కూడా పోలేదు. అయినా బజారులో అందరూ "ఆడిటరప్పా" అనే పిలుస్తారు. కాదని చెప్పిన గుర్తు నాకు లేదు. ఆ పిలుపు వింటే కాస్త గర్వంగానే ఉండేది. ఆ గర్వం ఒకరి కొంప ముంచింది, అది నేను మరిచిపోలేను.

తిరుమణి నుంచి ఒక అక్క నా దగ్గరికి వచ్చేది. రక్తసంబంధం లేదు, పిలుపే. పొలమంతా సోలార్‌కు కౌలుకిచ్చి, ఇంట్లో ఊరికే కూర్చోలేక, ఆ సోలార్ ప్లేట్లు కడిగే పని పట్టింది. ట్యాంకరు నీళ్లు, పొడవాటి బ్రష్షులు, ఊళ్లోని ఆడవాళ్లు. మేస్త్రీ లెక్కన పని ఇయ్యము, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఉంటేనే కాంట్రాక్టు అని సోలార్ కంపెనీ వాళ్లు పట్టుబట్టారు. దానితో అక్క, ఆమె మరిది కలిసి కంపెనీ పెట్టారు. వాటాదార్లు ఆ ఇద్దరే, డైరెక్టర్లూ ఆ ఇద్దరే. మరిదిది బలసముద్రం, గొర్రెల మంద ఉంది. సంతకం పెట్టమంటే పెట్టేవాడు, ఎందుకని అడిగేవాడు కాదు. కాగితాలు సిద్ధం చేసి తుమకూరులోని అసలు ఆడిటరుకు చేరవేయడం నా పని. కంపెనీకి ఈమెయిలు ఉండాలంటే అదీ నేనే తెరిచాను.

మొదటి ఏడాది అన్నీ సక్రమంగా జరిగాయి. వాటాదార్ల మహాసభ జరిగిన ముప్పై రోజుల్లో లెక్కల పత్రాలు, అరవై రోజుల్లో వార్షిక రిటర్ను కంపెనీల రిజిస్ట్రారుకు పెట్టేశాము. మహాసభ అంటే ఏదో అనుకునేరు. అక్క, మరిది, మధ్యలో ఉగ్గాని పళ్లెం.

తరువాత ప్లేట్లను నీళ్లు లేకుండా తుడిచే యంత్రాలు వచ్చాయి. కాంట్రాక్టు పోయింది. అక్క ఒకనాడు పాసుబుక్కు తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"ఇంగ పని లేదప్పా. కంపెనీ మూసేయి."

బ్యాంకు ఖాతా మూయించాను. జీఎస్టీ నంబరు రద్దు చేయించాను. మా వైపు అంగడి మూయడమంటే అంతే. అంగడికి బోర్డు తీసేస్తాం, ఖాతా మూసేస్తాం, అయిపోతుంది. కంపెనీ అట్లా కాదని, దాన్ని రిజిస్టరులోంచి కొట్టేయమని వేరే అర్జీ పెట్టుకోవాలని, ఆ అర్జీ ఒప్పుకునేదాకా పని ఉన్నా లేకున్నా ఏటేటా లెక్కలు పెట్టాల్సిందేనని నాకు తెలియక కాదు. ఎక్కడో చదివాను. పని లేని కంపెనీని ఎవరు అడుగుతారులే అనుకున్నాను.

"అయిపోయిందక్కా, మూసేసినాము" అన్నాను. ఆమె నమ్మింది. ఆడిటరప్పా చెప్పాడు కదా.

అక్క ఊరికే ఉండే మనిషి కాదు. నిడుగల్లు చుట్టుపక్కల వేరుశనగ రైతులను కూడగట్టి ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టించింది. ఇంటింటికీ తిరిగి వాటాలు కట్టించింది. కాయలు ఒలిచే మిషను, షెడ్డు, తూకం, అన్నీ వచ్చాయి. రైతులు ఆమెనే అధ్యక్షురాలిని చేశారు. దళారి ధరకు అమ్మకుండా నిలబడగలిగాము అని ఆ ఏడు కనిపించిన వాళ్లందరికీ చెప్పుకుంది. ఆ షెడ్డు ఆమె ప్రాణం. ఈ మాట రాస్తుంటేనే నాకు సిగ్గేస్తోంది.

కంపెనీ మూసేశామన్న మూడో ఏడు సెప్టెంబరు చివర్లో తుమకూరు ఆడిటరు ఫోను చేశాడు. వేరుశనగ కంపెనీ ఆడిట్ కూడా ఆయనదే. డైరెక్టర్లలో ఎవరికైనా అనర్హత ఉందా అని ఆడిటరు తన నివేదికలో రాయాలి. అందుకని అక్క ఇంకెక్కడైనా డైరెక్టరా అని అడిగితే, ఒకటుండె, మూసేసినాము అని చెప్పిందట. ఆయన వెబ్‌సైట్లో చూశాడు.

"మూసిందేంది? బతికే ఉండాది. రెండేండ్లుగా ఏమీ పెట్టలేదు. నీకు ఎన్ని మెయిళ్లు పంపినాను."

ఆ మెయిళ్లన్నీ నేను తెరిచిన ఖాతాకు వెళ్లాయి. నేను దాని పాస్‌వర్డు కూడా మరిచిపోయి ఉన్నాను.

ఆయన విడమరిచి చెప్పాడు. రెండేళ్ల లెక్కల పత్రాలకు, రెండేళ్ల రిటర్నులకు, ఒక్కో ఫారానికి రోజుకు వంద రూపాయల చొప్పున అదనపు రుసుము నడుస్తోంది. దానికి పైన హద్దు లేదు. అది కడితే తీరుతుంది. తీరనిది ఇంకొకటి ఉంది. వరుసగా మూడేళ్లు పెట్టకపోతే ఆ కంపెనీ డైరెక్టర్లకు అయిదేళ్ల అనర్హత, వేరుశనగ కంపెనీలో అక్క పదవీ పోతుంది. మూడో ఏటి లెక్కల గడువు అక్టోబరు ముప్పై. మహాసభ జరగకపోయినా, ఎందుకు జరగలేదో రాసి ఆ తేదీకి పెట్టాలి.

"ఆ లోపల పెడితే గండం గడుస్తాది. సెప్టెంబరు ముప్పైదాకా నాకు ట్యాక్స్ ఆడిట్ల తొందర. అది కాంగానే మీది పట్టుకుంటా."

అక్కకు చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"మూసినావంటివి కదప్పా."

రుసుము రెండు లక్షలు దాటుతుందని చెబితే, కౌలు డబ్బుంది, కడతానంది. "షెడ్డు మాత్రం నా చేతిలోంచి పోకుండా చూడు" అంది.

అక్టోబరు మధ్యకు మూడేళ్ల లెక్కలు తయారయ్యాయి. లెక్కలంటే ఏముంది, అన్నీ సున్నాలే. ఆ సున్నాల కింద ఇద్దరు డైరెక్టర్లూ సంతకం పెట్టాలి, ఆ తరువాతే ఆడిటరు సంతకం. అక్క పెట్టేసింది. మరిది లేడు.

ప్లేట్లు పరిచిన చోట మేత లేదు, మిగిలిన పొలాల్లో పైరు నిలబడి ఉంది. మందను తోలుకుని ఆంధ్రా వైపు కొండల్లోకి వెళ్లిపోయాడు. ఫోను ఎప్పుడు చేసినా ఆపేసే ఉంది. బలసముద్రంలో ఆయన భార్య వాకిట్లో కాయలు ఒలుస్తూ చెప్పింది, "కల్యాణదుర్గం తట్టు పోయినాడు. ఫోనుకు చార్జి యాడ దొరుకుతాది ఆ కొండల్లో? ఆయప్పే చేస్తే చేసినట్ల."

ఇంకొక డైరెక్టరును పెట్టుకుని ఆయనతో సంతకం పెట్టిద్దామా అని ఆడిటరును అడిగాను. పెట్టుకోవాలన్నా బోర్డు సమావేశం కావాలి, ఆ సమావేశానికి ఇద్దరుండాలి అన్నాడు. వాటాదార్ల సభ పిలుద్దామన్నాను. దానికీ ఇద్దరే కావాలన్నాడు. ఎటు తిరిగినా ఆ గొర్రెలాయన దగ్గరికే వచ్చి ఆగుతోంది. అక్క ఒక్కసారి నా వైపు వంగి, ఆయన సంతకం నాకు బాగా వస్తుంది అంది. నేను వద్దన్నాను. ఆ ఒక్క మాటలో మాత్రం నేను సరిగ్గా ఉన్నాను. ఇప్పటికీ అది నాకేమీ ఊరట ఇవ్వదు.

వారం రోజులు వెతికాము. అద్దె కారులో నేను, అక్క, ఆమె ఒడిలో కాగితాల ఫైలు. దారిలో మంద కనిపించిన చోటల్లా దిగింది. చెప్పులకు బురద, చీర అంచుకు పల్లేరు కాయలు. "బలసముద్రం మంద చూసినారాప్పా?" అని అడిగేది. ఒకడు మొన్న చూశానన్నాడు, ఇంకొకడు అటు కాదు ఇటు అన్నాడు. ముప్పైయో తేదీ మధ్యాహ్నం ఒక గుట్ట కింద మంద దిగిన గుర్తులు దొరికాయి. ముళ్లకంప దడి, పొయ్యి రాళ్లు, ఎండిన పెంటికలు. పక్క చేనాయన, వాళ్లు కదిలిపోయి నాలుగు రోజులయిందని చెప్పాడు.

అక్క పొయ్యి రాళ్ల పక్కన కూలబడింది. ఏడవలేదు. ఫైలును రెండు చేతులతో పట్టుకుని, "ఈ పొద్దు అయిపోతే అంతేనా?" అంది.

అంతేనన్నాను. మనిషి కళ్లెదుట మునుగుతుంటే గట్టు మీద నిలబడి చూడటం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

మూడు రోజుల తరువాత మరిదే ఎవరి ఫోను నుంచో ఇంటికి చేశాడు, కుంటుతున్న గొర్రెకు ఏ మందు పెట్టాలని. కబురు విని మరునాడే బస్సెక్కి వచ్చాడు. నా గదిలో నిలబడే మూడేళ్ల కాగితాల మీదా సంతకం పెట్టాడు.

"ముందే చెప్పింటే నడుచుకునైనా వద్దునే వదినా" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. ముందు చెప్పాల్సింది నేను, రెండేళ్ల ముందు.

లెక్కలు పెట్టాము, రుసుములు కట్టాము. అనర్హత అప్పటికే పడిపోయింది, ఆలస్యంగా పెడితే చెరగదన్నాడు ఆడిటరు. ఆ తరువాత ఆయన చెప్పింది విని నేను రెండుసార్లు మళ్లీ అడిగాను. ఇట్లాంటి అనర్హత పడితే మిగతా కంపెనీలన్నిట్లో డైరెక్టరు పదవి పోతుంది. తప్పు జరిగిన కంపెనీలో మాత్రం పోదు. దాని కాగితాలు సరిచేయడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా అని చట్టం.

అక్కకు షెడ్డు దగ్గరే చెప్పాను. మిషను ఆడుతోంది, పొట్టు ఎగురుతోంది.

"ఐతే నడిచేదాంట్లో నేనుండకూడదు. చచ్చినదాంట్లో ఉండల్ల."

"అవునక్కా."

"రాజీనామా అయినా రాసిచ్చి పోతానప్పా. గౌరవంగా ఉంటాది."

దానికీ వీల్లేదు. పదవి దానంతటదే ఖాళీ అయిపోయింది, రాయడానికి ఏమీ మిగల్లేదు. ఆ మాట కూడా నేనే చెప్పాల్సి వచ్చింది. ఆమె పొట్టు దులుపుకుని, షెడ్డు తాళంచెవులు కొంగు ముడిలోంచి విప్పి తూకం మీద పెట్టింది.

డైరెక్టరు తప్పుకుంటే ఆ సంగతి ముప్పై రోజుల్లో రిజిస్ట్రారుకు తెలియజేయాలి. ఆ ఫారానికి కావలసిన వివరాలు తుమకూరుకు చేరవేయమని వేరుశనగ కంపెనీ వాళ్లు నాకే అప్పగించారు. మరునాడు పొద్దున మొదటి బస్సుకే వెళ్లాను. ఒక్క రోజు కూడా ఆలస్యం కాలేదు, అదనపు రుసుమూ పడలేదు. ఆ మూడేళ్లలో అక్క పేరు మీద నేను గడువులోపల పెట్టించిన కాగితం అదొక్కటే.