జవాబుల మాస్టారు సవరించిన గుండె

ఆ వీధిలో ఆయన అసలు పేరు పోస్టుమ్యానుకు తప్ప మరెవరికీ తెలియదు. అందరికీ ఆయన జవాబుల మాస్టారు. యౌవనంలో అచ్చుకూటంలో ప్రూఫులు దిద్దేవాడు. ఆ తరువాత బడిలో భాష చెప్పాడు. పదవీ విరమణ చేసిన పిమ్మట పరీక్షలకు కూర్చునేవారికి జవాబులు వ్రాసి ఇవ్వడం మొదలుపెట్టాడు. ఏ శాస్త్రమైనా ఆయనకు ఒకటే. డైనమో పటమిచ్చినా, ఆకు అడ్డుకోత పటమిచ్చినా, పక్కనున్న పేర్లను వరుసగా చూచుకొని, ఒక్కొక్క పేరును ఒక్కొక్క వాక్యంలో పొదిగి, దాని క్రింద గీత గీసి, ముందొక ఉపోద్ఘాతమూ వెనకొక ఉపసంహారమూ తగిలించేవాడు. ఆ జవాబును బట్టీపట్టినవాడు గట్టెక్కేవాడు. డైనమో ఎందుకు తిరుగుతుందో మాస్టారుకు తెలియకపోవడం ఏనాడూ ఎవరికీ అడ్డు రాలేదు. ఆయనకు అసలే రాలేదు.

"దిద్దేవాడికి చదవడంతో పని లేదు, చూడడంతోనే పని" అనేవాడు. చదివినవాడు అర్థం వెంట పరుగెత్తి అక్షరాన్ని జారవిడుచుకుంటాడట. తాను మాత్రం ఒక్క అచ్చుతప్పునైనా ప్రాణాలతో పోనిచ్చి ఎరుగడు.

అటువంటి ఇంట్లో పటము చేతపట్టుకొని వచ్చింది స్వయంగా కోడలే. ఆమె ఆసుపత్రిలో రోగుల సహాయకురాలిగా శిక్షణ పొందుతున్నది. శరీర నిర్మాణం పేపరు ఒకసారి తప్పింది. ఈసారి కూడా తప్పితే శిక్షణ నుండి పేరు కొట్టివేస్తామని ఆసుపత్రివారు మొగమాటం లేకుండా చెప్పారు. "మానవ హృదయ నిర్మాణమును పటము సాయముతో వివరింపుము" అన్న పెద్ద ప్రశ్న తప్పక వస్తుందని పాఠం చెప్పే నర్సమ్మ సూచించింది. పుస్తకం గ్రంథాలయం గడప దాటదు గనుక కోడలు ఆ పుటను ఫోనులో ఫొటో తీసి తెచ్చింది.

మాస్టారు ఫోనును చేతికి అందినంత దూరాన పెట్టి చూచాడు. దగ్గరకు తెచ్చి చూచాడు. కళ్లజోడు నుదుటికి ఎక్కించి చూచాడు.

"ఇదేమిటే అమ్మాయ్, సగం బొమ్మ మీద నీ నీడే పడింది!"

"అక్కడ లైటు నా వెనకాలే ఉంది మామయ్యా. రెండు వేళ్లతో ఇలా లాగండి, పెద్దదవుతుంది. అయ్యో, అటు కాదు, గుండె మాయమైపోయింది చూడండి!"

వంటింటి గుమ్మంలో నిలబడిన అత్తగారు నవ్వు ఆపుకోలేకపోయింది. "ఆయన చేతిలో పెడితే మాయం కాక ఏమవుతుందే? పెళ్లయిన దగ్గర్నుంచీ నేను వెతుకుతూనే ఉన్నా."

మాస్టారు ఆ మాటను వినిపించుకోలేదు. పటం మళ్లీ దొరికింది. పుట మడతపడే చోట కాగితం లోపలికి వంగినందున కొన్ని గీతలు వంకరపోయాయి గాని, పేర్లన్నీ చక్కగా కనబడుతున్నాయి. పుటకు ఎడమ ప్రక్కన పైనుండి క్రిందికి ఊర్ధ్వ బృహత్సిర, కుడి కర్ణిక, అగ్రత్రయ కవాటం, కుడి జఠరిక, నిమ్న బృహత్సిర. పుటకు కుడి ప్రక్కన మహాధమని, పుపుస ధమని, పుపుస సిరలు, ఎడమ కర్ణిక, అగ్రద్వయ కవాటం, ఎడమ జఠరిక. మాస్టారు కలం మూత తీశాడు. తీసి, మళ్లీ పెట్టాడు. ఆయన కనుబొమలు రెండూ ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి.

"ఎడమ ప్రక్కన కుడి అని వేశాడు. కుడి ప్రక్కన ఎడమ అని వేశాడు. వీడి చెయ్యి విరగ! ఇంత పచ్చి తప్పు నా జన్మలో చూడలేదు."

"పుస్తకంలో అలాగే ఉంది మామయ్యా. క్లాసులో అందరూ అలాగే రాసుకున్నారు."

"అందరూ రాసుకుంటే ఒప్పవుతుందా? గుండె ఏ ప్రక్కన ఉంటుంది? ఎడమకు. మరి ఈ బొమ్మలో దాని మొన ఎటు వంగింది చూడు. కుడికి! అచ్చుబల్ల మీద ఎవడో నిద్రమత్తులో పేర్లు తారుమారు చేసి పేర్చాడు. పాఠాలు చెప్పేవాళ్లు కూడా కళ్లు మూసుకునే చెబుతున్నారన్నమాట."

కోడలు ఒక క్షణం తటపటాయించింది. కాని ఆమె భర్త పదవ తరగతి దాటింది ఈయన జవాబులతోనే. వీధిలో సగంమంది దాటింది ఈయన జవాబులతోనే. ఒకసారి తప్పిన మనిషికి తన అనుమానం మీద తనకే నమ్మకం ఉండదు. ఆమె తల ఊపింది.

అటుపిమ్మట మాస్టారు వ్రాసిన జవాబు నిజంగా ముచ్చటైనది. "దేహమను రాజ్యమునకు హృదయము రాజధాని వంటిది" అని ఉపోద్ఘాతం ఎత్తుకున్నాడు. "శరీరమునందలి చెడు రక్తము ఊర్ధ్వ, నిమ్న బృహత్సిరల ద్వారా ఎడమ కర్ణికను చేరును. అచ్చటనుండి అగ్రత్రయ కవాటము గుండా ఎడమ జఠరికకు దిగి, పుపుస ధమని ద్వారా ఊపిరితిత్తులకు పోవును. శుద్ధిపొందిన రక్తము పుపుస సిరల ద్వారా కుడి కర్ణికకు వచ్చి, అగ్రద్వయ కవాటము గుండా కుడి జఠరికను చేరి, మహాధమని ద్వారా సర్వాంగములకు ప్రసరించును." పటంలో ఒక జఠరిక గోడ రెండవదానికంటె దళసరిగా ఉండడం కూడా ఆయన కంటబడకపోలేదు. "కుడి జఠరిక కుడ్యము మిక్కిలి మందమైనది, దేహమంతటికీ రక్తమును నెట్టవలసినది అదియే గదా" అని చేర్చాడు. వాక్యం తరువాత వాక్యం తూకం వేసినట్లు నడిచింది. రక్తం పోయే దారి అంతా సరియైనదే. ఎక్కే వాకిలి మాత్రం ప్రతిచోటా ఎదురింటిది.

కోడలు ఆ జవాబును అన్నం కలుపుతూ చదివింది, బట్టలు ఆరవేస్తూ చదివింది. ఎడమ అన్నప్పుడు ఎడమ చేతినీ, కుడి అన్నప్పుడు కుడి చేతినీ తన గుండె మీద వేసుకొని చదవడం అలవాటు చేసుకున్నది. అత్తగారు చూచి, "దణ్ణాలు పెడుతున్నావో, పాఠం చదువుతున్నావో తెలియట్లేదే తల్లీ" అన్నది.

పరీక్షనాడు కొడుకుకు పని ఉన్నందున మాస్టారే వెంట వెళ్లాడు. పరీక్ష ఆసుపత్రి వెనకనున్న శిక్షణాలయంలో. వరండాలో బల్ల మీద కూర్చొని, ఒడిలో ఫోనులోని పటాన్ని తెరచి పెట్టుకున్నాడు.

"ఏదీ, చివరిసారిగా ఒప్పజెప్పు. ఉపోద్ఘాతం వద్దులే, అది నువ్వు మరిచిపోవు. రక్తం దగ్గర్నుంచి ఎత్తుకో."

కోడలు ఆయనకు ఎదురుగా నిలబడింది. "చెడు రక్తము ఊర్ధ్వ, నిమ్న బృహత్సిరల ద్వారా ఎడమ కర్ణికను..." అంటూ ఎడమ చేతిని గుండె మీద వేసుకున్నది.

మాస్టారు పటం వంక చూచాడు. బృహత్సిరలు పుటకు ఈవలి ప్రక్కన, ఆయన ఎడమచేతి వైపున ఉన్నాయి. కోడలి వంక చూచాడు. ఆమె ఎడమ చెయ్యి ఆయన కుడిచేతి వైపున ఉన్నది. మళ్లీ పటం చూచాడు. అచ్చుతప్పులు పట్టడంలో ఆరితేరిన ఆ కన్ను ఈసారి ఎంత వెతికినా పుటలో తప్పు దొరకలేదు. పటంలోని గుండె ఎవరో ఎదురుగా నిలబడ్డ మనిషిది. కుడి అన్నది ఆ మనిషి కుడి, ఎడమ అన్నది ఆ మనిషి ఎడమ. మొన కూడా ఆ మనిషి ఎడమకే వంగింది. కోడలి గుండె ఎటు ఉన్నదో, సరిగ్గా అటే.

ఆయన చెమట తుడుచుకున్నాడు. లోపల గంట కొట్టారు.

"అమ్మాయ్, ఒక చిన్న సవరణ."

"ఇప్పుడా? ఏం సవరణ మామయ్యా?"

"ఎడమ అన్నచోటల్లా కుడి అనుకో. కుడి అన్నచోటల్లా ఎడమ అనుకో. మిగతాదంతా అక్షరం మారనక్కరలేదు."

కోడలు ఆయన ఒడిలోని పటం మీదికి వంగి చూచింది. "అయితే మొదట పుస్తకంలో ఉన్నదే..."

"పుస్తకం ఒప్పే" అన్నాడు మాస్టారు. 'తప్పు నాదే' అన్న మాట కంఠం దాకా వచ్చి, అలవాటు లేని దారి గనుక అక్కడే ఆగిపోయింది. "ఆ గుండెను నీదే అనుకో. అంతే. నీ కుడి, నీ ఎడమ."

"అన్నం తింటూ కూడా అదే చదివాను మామయ్యా! నోటికి అలవాటైపోయింది. ఇప్పుడు మార్చమంటే ఎట్లా వస్తుంది?"

గుమ్మం దగ్గరి కాపలావాడు కేక వేశాడు. "ఏమ్మా, పాఠాలు ఇంట్లో చెప్పించుకోలేదా? తలుపు వేసేస్తున్నా!"

"వస్తున్నానన్నా!" అంటూ ఆమె కళ్లు తుడుచుకొని లోపలికి పరుగెత్తింది. తలుపు మూసుకున్నది.

మాస్టారు ఆ బల్ల మీదనే ఉండిపోయాడు. ఒకసారి తప్పిన మనిషిని మళ్లీ తప్పేలా చేయడానికి ఇంత చక్కని భాష వాడానే అని ఆయనకు తోచింది. పేరు కొట్టివేసిన కోడలు ఇంటికి వచ్చి వంటింట్లోకి నడవడం కనబడింది. ఎవరూ తననేమీ అనకపోవడం కనబడింది. అది మరీ భయమనిపించింది. కాపలావాడు జాలిపడి టీ తెచ్చి ఇచ్చాడు.

"కూతురా అండీ?"

"కోడలు."

"అదృష్టవంతురాలు. మామగారు వెంటబెట్టుకొచ్చి చదివించడం నేనెక్కడా చూళ్లేదు."

మాస్టారు టీ తాగకుండానే గ్లాసు పక్కన పెట్టాడు.

పరీక్ష ముగిసి కోడలు బయటకు వచ్చినప్పుడు ఆమె ముఖంలో ఏడుపూ లేదు, నవ్వూ లేదు. వేళ్లకు పెన్సిలు మసి అంటివున్నది.

"ఆ ప్రశ్నే వచ్చింది" అన్నది.

"కుడి ఎడమలు మార్చావా?"

"మార్చబోయాను. మీ వాక్యం ఒకటి గుర్తుకొస్తే దాని వెనకాలే మీ ఎడమ కూడా వచ్చేస్తోంది మామయ్యా. రాజధాని దగ్గర్నుంచే తడబడ్డాను. ఇక లాభం లేదని మీ జవాబు మొత్తం వదిలేశాను."

"మొత్తమా?"

"మొత్తం. ఫొటో గుర్తు తెచ్చుకుని ముందు బొమ్మ వేశాను. పేర్లు పుస్తకంలో ఉన్నచోటే పెట్టాను. తర్వాత రక్తం ఒళ్లంతా తిరిగి ఎక్కడికొస్తుంది, ఎందులో దిగుతుంది, ఎటు పోతుంది అని బొమ్మ మీద వేలు పెట్టుకుని, వేలు వెళ్లినట్టే రాశాను. చిన్న చిన్న మాటల్లో. ఎడమ జఠరిక గోడ లావుగా ఎందుకుందో కూడా రాశాను. అది మాత్రం మీరు చెప్పిందే, పక్క మార్చాను."

"ఉపసంహారం?"

"అయిపోయింది కాబట్టి ఆపేశాను."

ఉపసంహారం లేని జవాబు మాస్టారు దృష్టిలో తలుపు వేయకుండా ఊరికి పోయిన ఇల్లు.

ఫలితాలు వచ్చాయి. కోడలు గట్టెక్కింది, గుండె ప్రశ్నకు నర్సమ్మ దాదాపు పూర్తి మార్కులే వేసింది. కాగితం అంచున ఎర్ర సిరాతో, "ఈ విద్యార్థిని అర్థం చేసుకొని వ్రాసింది" అని కూడా వ్రాసింది. కోడలు ఆ కాగితాన్ని అత్తగారికి చూపించింది, భర్తకు చూపించింది. మామగారికి చూపించేటప్పుడు మాత్రం ఆ అంచు మీద బొటనవేలు పెట్టి పట్టుకున్నది. ఆయనకు వేలి సందుల్లోంచి చదవడం పాత విద్య గనుక, చదివి, చదవనట్లే తిరిగి ఇచ్చాడు.

సాయంత్రానికి సంగతి వీధంతా పాకింది. పక్కింటి దర్జీ కత్తెర చేతనే పట్టుకొని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఒకసారి తప్పిన పిల్లని ఇంత బాగా గట్టెక్కించారంటే, మాస్టారూ, అంతా మీ జవాబు మహిమే. ఇంకెవరివల్లా కాదు."

కోడలు లోపల బియ్యం ఏరుతూ తల వంచుకున్నది. అత్తగారు భర్త వంక కొంటెగా చూచి, ఏమంటాడో విందామని చేతిలో పని ఆపింది. మాస్టారు కళ్లజోడు తీసి, ధోవతి అంచుతో ఒక అద్దం తుడిచాడు, రెండో అద్దమూ తుడిచాడు, తిరిగి పెట్టుకున్నాడు.

"అంతా నా గొప్పేం కాదులేవయ్యా" అన్నాడు. "పుస్తకం కూడా కొంత సాయం చేసింది."