ఒకటి దగ్గర ఆగిన ఐదు మాటలు

ప్రతి ఏడూ భద్రాద్రి రాముని కల్యాణానికి మా పెద్దమ్మ గోటితో వడ్లు ఒలిచి పంపేది. రోకలి, మిల్లు తగలకుండా ఒక్కో గింజనూ గోళ్లతో ఒలిచిన బియ్యమే గోటి తలంబ్రాలు. అది ఆమె మొక్కు. ఈ ఏడు చూపు మసకబారడంతో, ఆ వడ్ల మూటను పాల్వంచలో ఉన్న నాకు అప్పగించింది. ఆ భాగ్యం నాకు దక్కినందుకు స్వామికి దండం పెట్టుకున్నాను.

మర్నాడు ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. "బిడ్డా, ఈ ఐదు తప్పకుండా పాటించు. 1. తానం చేసి, ఉతికిన చీర కట్టుకొని కూసో." అంతే. రెండు లేదు, మూడు లేదు.

ఫోన్ చేస్తే కలవలేదు. ఆమె అప్పటికే అడవిలో ఉన్న కూతురి ఊరికి వెళ్లింది. అక్కడ సిగ్నల్ అందదు. సాయంత్రం తలంబ్రాలు తీసుకెళ్లే భక్తుల బండి మా వీధికి వస్తుంది. పద్ధతి తప్పిన బియ్యాన్ని వాళ్లు కలుపుకోరు. పెద్దమ్మ మొక్కు నా చేతిలో ఆగిపోతుందేమోనని గుబులు పట్టుకుంది.

పక్కింటి వదిన వచ్చి మెసేజ్ చూసి నవ్వింది.

"గింత దానికి ఏడుపు మొహమేంది? మిగిలినయి నేను చెప్త, రాస్కో. రెండు, ఉల్లిగడ్డ తినొద్దు. మూడు, ఎవ్వరితోని కొట్లాడొద్దు."

"మరి అన్నయ్య ఇంట్ల ఉన్నప్పుడు నువ్వు ఒలువలేవు వదినా."

"అవ్, గందుకే నాకు ఇయ్యలే! ఇగ నాలుగు, వడ్లు నానబొయ్యి. పొట్టు జల్దీ ఊడుతది."

మూడూ వినడానికి బాగానే ఉన్నాయి. కానీ అవి వదిన మాటలు, పెద్దమ్మవి కావు. నాకు అక్షరాలు నేర్పింది పెద్దమ్మే. బడి దూరమని నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టి, చేటలో బియ్యం పరిచి వేలితో దిద్దించేది. పద్యం చెబుతూ చెబుతూ కావాలనే ఒక పాదం దగ్గర ఆగేది. నేను తోచింది కలిపి చదివితే, "గది నీ పద్యమే, నాది గాదు. రాకుంటే అడుగు" అనేది. అడిగితే మాత్రం విసుక్కోకుండా మళ్లీ మొదటి నుంచి చెప్పేది. ఆ చేట అంచు వెదురు వాసన ఇప్పటికీ నా వేళ్లకు ఉన్నట్టే అనిపిస్తుంది.

అందుకే మెసేజ్ పెట్టి అడిగాను. "పెద్దమ్మా, ఐదని చెప్పినవు, ఒకటే వచ్చింది. రెండు నుంచి ఐదు దాక మళ్లీ పంపు. నా అంతట నేను ఏం కలపను." ఒక్క టిక్కు పడి ఆగిపోయింది. మెసేజ్ రాకముందే గిన్నెలోకి ఒలిచినవి అలాగే ఉంచి, మిగిలిన వడ్లను తడి తగలకుండా మూటకట్టాను.

మధ్యాహ్నం దాటాక రెండో టిక్కు పడింది. వెంటనే ఫోన్ మోగింది.

"ఏందే, ఐదూ కొట్టిన గదా! బస్సు కోసం రోడ్డు మీదికి వస్తే నీ మెసేజ్ వచ్చింది."

"నాకు ఒకటే వచ్చింది పెద్దమ్మా. మిగిలినయి యాడ కనబడుతున్నయి నీకు?"

పక్కన మనవరాలు చూసి చెప్పినట్టుంది. "కింద రాసే డబ్బాలనే ఉన్నయంట."

సంగతి అర్థమైంది. మొదటిది రాయగానే బాణం గుర్తు నొక్కింది. అది పంపే గుర్తు. ఒకటి వరకు వచ్చేసింది. మిగిలిన నాలుగూ రాసింది కానీ మళ్లీ నొక్కలేదు.

"బాణం ఒకపారి నొక్కిన గదనే! ప్రతిపారి నొక్కాల్నా? బస్సుకు టికెట్ ఒక్కపారే తీస్తం గదా!"

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆమె మనవరాలి చేత చదివించింది. రెండు, వడ్లు నానబెట్టొద్దు, పొడిగనే ఉండాలె. మూడు, మొన దగ్గర గోరు పెట్టి పొట్టును రెండు పాయలుగ విప్పు, పంటితోని కొరకకు, ఎంగిలైతది. నాలుగు, మొన విరిగిన గింజ గూడ పనికిరాదు. ఐదు, గోరు నొస్తే ఆపు, నెత్తురు తగిలితే ఆ గింజ పక్కకు పెట్టు.

నాలుగోది విని గిన్నె వైపు చూశాను. సగానికి విరిగినవి ముందే ఏరాను కానీ, మొన పోయినవి ఏరలేదు. తెల్లబట్ట మీద పోసి కిటికీ వెలుతురులో ఒక్కోటీ చూశాను. ఏరేకొద్దీ కుప్ప తగ్గింది. మిగిలిన వడ్లు కొన్ని ఒలిచేసరికి గోరు మంటెత్తింది. ఆపేశాను. చివరికి గుప్పెడే. మళ్లీ ఫోన్ చేశాను.

"పెద్దమ్మా, గుప్పెడే అయినయి. నీ మొక్కుకు సరిపోతయా?"

"ఐదుల యాడనన్న ఎంతని రాసిన్నా?"

"లేదు."

"మరి గింజలు మంచిగున్నయా?"

"అన్నీ మొనతోనే ఉన్నయి."

"ఇగ మూట గట్టు."

సాయంత్రం బండిలో వచ్చిన పెద్దావిడ నా మూట విప్పి, అరచేతిలో పోసుకుని వెలుతురుకు పట్టి చూసింది. పెద్ద గంపలో, అందరి బియ్యంలో ఒంపేసింది.